ఎజెండా సెట్టింగ్, కల్టివేషన్ సిద్ధాంతాలను 45 నిమిషాల్లో పోల్చి రాయడం ఎలా?

రెండు మీడియా ప్రభావ సిద్ధాంతాలను పోల్చమని అడిగే ప్రశ్నకు వచ్చే జవాబులు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. మొదటి పేజీన్నర ఒక సిద్ధాంతానికి, తరువాతి పేజీన్నర రెండో సిద్ధాంతానికి కేటాయించి, చివరి నాలుగు వాక్యాల్లో "ఈ రెండు సిద్ధాంతాలూ మీడియాకు శక్తి ఉందని చెబుతాయి, అయినా వీటి మధ్య తేడాలు ఉన్నాయి" అని రాసి ముగిస్తారు. అలాంటి జవాబులో తప్పు సమాచారం ఉండకపోవచ్చు. అయితే అడిగిన పోలిక ఆ నాలుగు వాక్యాల్లోనే ఉంటుంది కాబట్టి, పోలికకు ఉద్దేశించిన మార్కులు కూడా ఆ నాలుగు వాక్యాలకు తగినట్టే వస్తాయి. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టేవి ఇవే, ఎందుకంటే ఆ విద్యార్థికి విషయం తెలుసని స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది.

ఈ లోపం భాషలోనో జ్ఞాపకశక్తిలోనో ఉండదు, ఆధారాలను ఎంచుకోవడంలో ఉంటుంది. ఒక్కో సిద్ధాంతానికి పేరున్న అధ్యయనాలను విడివిడిగా బట్టీపట్టినవారికి పరీక్ష హాలులో వాటిని ఎదురెదురుగా నిలబెట్టే దారి దొరకదు. ఒకే ప్రశ్నకు రెండు సిద్ధాంతాలూ ఇచ్చే సమాధానాలుగా అధ్యయనాలను జతలు జతలుగా గుర్తుపెట్టుకున్నవారికి మాత్రం పోలిక దానంతటదే రూపుదిద్దుకుంటుంది. ఎజెండా సెట్టింగ్, కల్టివేషన్ సిద్ధాంతాలను ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతిని ఇక్కడ మొదటినుంచి చివరిదాకా చూద్దాం. మీడియా ఏ సమస్యలకు ఎక్కువ చోటిస్తే ప్రజలూ వాటినే ముఖ్యమనుకుంటారన్నది ఎజెండా సెట్టింగ్, ఏళ్ల తరబడి చూసిన టీవీ లోకం గురించిన నమ్మకాలను మలుస్తుందన్నది కల్టివేషన్. మనం తీసుకునే ప్రశ్న ఇది: "ప్రేక్షకులపై మీడియా ప్రభావాన్ని వివరించడంలో ఎజెండా సెట్టింగ్, కల్టివేషన్ సిద్ధాంతాలను పోల్చి, వాటికి ఉన్న ఆధారాల బలాన్ని అంచనా వేయండి." సమయం 45 నిమిషాలు.

మొదటి అడుగు: మీ చేతివేగాన్ని లెక్కలోకి తీసుకోండి

ఈ పని పరీక్షకు ముందే, ఇంట్లోనే చేయాలి. తెలిసిన విషయం మీద పది నిమిషాలు ఆగకుండా రాసి, పదాలు లెక్కపెట్టండి. నిమిషానికి 12 పదాలు వచ్చాయనుకుందాం. 45 నిమిషాల్లో 7 నిమిషాలు ప్రణాళికకు, 5 నిమిషాలు సరిచూసుకోవడానికి పోగా రాయడానికి 33 నిమిషాలు మిగులుతాయి. అంటే మీ జవాబు దాదాపు 400 పదాలు ఉంటుంది. ఈ అంకె తెలియనివారు 800 పదాలకు సరిపడా సరుకు మనసులో పెట్టుకుని మొదలుపెట్టి, రెండో సిద్ధాంతం దగ్గరకు వచ్చేసరికి గంట మోగే స్థితిలో పడతారు.

ఆ 400 పదాలను పరిచయానికి 50, మూడు పోలిక పేరాలకు ఒక్కొక్కదానికి 95, తుది అంచనాకు 65 చొప్పున పంచుకోవచ్చు. సమయం పరంగా పరిచయానికి 4 నిమిషాలు, ఒక్కో పోలిక పేరాకు 8 నిమిషాలు, తుది అంచనాకు 5 నిమిషాలు పడతాయి. మీ వేగం వేరైతే అంకెలు మార్చుకోండి కానీ, పేరాల సంఖ్యను మూడు కంటే పెంచవద్దు. 95 పదాల్లో రెండు అధ్యయనాలను చెప్పి, వాటి మధ్య తేడాకు కారణం వివరించడమే కష్టం. ఆ చోటును ఇంకా కుదిస్తే కారణం ఎగిరిపోయి పేర్లు మాత్రమే మిగులుతాయి.

రెండో అడుగు: ప్రశ్నలో రెండు పనులు ఉన్నాయని గుర్తించండి

మన ప్రశ్నలో "పోల్చి" అనేది ఒక పని, "ఆధారాల బలాన్ని అంచనా వేయండి" అనేది రెండో పని. మొదటిది మాత్రమే చేసినవారు సిద్ధాంతాల మధ్య తేడాలు చెబుతారు గాని, ఏది ఎంతవరకు నమ్మదగినదో చెప్పరు. ప్రశ్న పత్రం మీద ఈ రెండు మాటల కింద గీత గీసి, తరువాత రాసే ప్రతి పేరా ఈ రెండు పనులనూ చేస్తోందో లేదో చూసుకోండి. ప్రశ్నలో "చరిత్రను వివరించండి" అని లేదు కాబట్టి, మీడియా సందేశం ప్రేక్షకులందరి మీద నేరుగా పనిచేస్తుందనే మ్యాజిక్ బుల్లెట్ సిద్ధాంతం నుంచి మొదలుపెట్టి మీడియా పరిశోధన చరిత్ర అంతా చెప్పే పరిచయం ఇక్కడ అవసరం లేదు. తెలిసినదంతా రాయాలనే తొందర ఎక్కువగా ఈ పరిచయంలోనే బయటపడుతుంది.

మూడో అడుగు: రెండు సిద్ధాంతాలనూ ఒకే గీటురాయి మీద పెట్టండి

పోలిక జరగాలంటే ఒకే ప్రశ్నను రెండు సిద్ధాంతాలకూ వేయాలి. ఎజెండా సెట్టింగ్, కల్టివేషన్ జతకు మూడు ప్రశ్నలు సరిపోతాయి. ప్రేక్షకుడిలో ఏది మారుతుందని ఈ సిద్ధాంతం అంటోంది? ఆ మార్పునకు మీడియా కాకుండా వాస్తవ పరిస్థితే కారణం కాదని ఎలా తెలుసు? మీడియానే ముందు వచ్చిందని, ప్రేక్షకుడి మార్పు తరువాత వచ్చిందని ఎలా తెలుసు? ప్రణాళికకు పెట్టుకున్న 7 నిమిషాల్లో జవాబు పత్రం చివరి పేజీలో ఈ మూడింటినీ మూడు వరుసలుగా రాసి, ఒక్కో వరుసలో ఎడమవైపు ఎజెండా సెట్టింగ్ అధ్యయనం పేరు, కుడివైపు కల్టివేషన్ అధ్యయనం పేరు రాయండి. ఒక గడి ఖాళీగా మిగిలితే, ఆ ఖాళీని పూరించడానికి మరో ప్రసిద్ధ అధ్యయనాన్ని అతికించవద్దు. ఎందుకు ఖాళీగా ఉందో ఆలోచించండి. కొన్నిసార్లు ఆ ఖాళీయే సిద్ధాంతం గురించి ముఖ్యమైన విషయం చెబుతుంది, అది మూడో ప్రశ్న దగ్గర కనిపిస్తుంది.

నాలుగో అడుగు: మొదటి జత, ఏది మారుతుంది?

ఎజెండా సెట్టింగ్ వైపు మాక్స్‌వెల్ మెక్‌కోంబ్స్, డొనాల్డ్ షా 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో చాపెల్ హిల్‌లో చేసి, 1972లో ప్రచురించిన అధ్యయనాన్ని తీసుకోండి. ఎవరికి ఓటు వేయాలో ఇంకా తేల్చుకోని 100 మంది ఓటర్లను ఏ సమస్యలు ముఖ్యమైనవని అడిగి, ఆ జవాబులను వారికి అందుతున్న పత్రికలు, వారపత్రికలు, టీవీ వార్తలు ఏ సమస్యలకు ఎంత చోటు ఇచ్చాయో అన్న లెక్కతో పోల్చారు. రెండూ దాదాపు పూర్తిగా సరిపోలాయి. ఇక్కడ మారుతుందని చెబుతున్నది అభిప్రాయం కాదు, ప్రాధాన్యం. విదేశాంగ విధానం ముఖ్యమా, శాంతిభద్రతలు ముఖ్యమా అన్నది మీడియా నేర్పుతుంది గాని, ఆ విషయంలో ఏ పక్షాన నిలబడాలో నేర్పుతుందని ఈ సిద్ధాంతపు తొలి రూపం అనలేదు.

కల్టివేషన్ వైపు జార్జ్ గెర్బ్‌నర్, లారీ గ్రాస్ 1976లో ప్రచురించిన పరిశోధన సరిపోతుంది. దానిలోని ఒక ప్రశ్నను దగ్గరగా చూపించండి, ఎందుకంటే ఆ ఒక్క ప్రశ్నతో సిద్ధాంతమంతా అర్థమవుతుంది. ఒక వారంలో మీరు ఏదైనా హింసలో చిక్కుకునే అవకాశం పదింటిలో ఒకటా, వందలో ఒకటా అని అడిగారు. టీవీ కథల్లో హింస ఎంత తరచుగా జరుగుతుందో దానికి దగ్గరగా ఉండే జవాబు మొదటిది, వాస్తవానికి దగ్గరగా ఉండేది రెండోది. టీవీ ఎక్కువగా చూసేవారిలో మొదటి జవాబు ఇచ్చినవారి శాతం, తక్కువగా చూసేవారిలో కంటే ఎక్కువగా కనిపించింది. ఇక్కడ మారుతుందని చెబుతున్నది ఏ ఒక్క సమస్యకు ఇచ్చే ప్రాధాన్యమూ కాదు, లోకం ఎలాంటిది అన్న నమ్మకం. దానికి కారణం ఫలానా వార్త కాదు, ఏళ్ల తరబడి చూసిన టీవీ అంతా కలిసి.

ఈ పేరాలో చాలామంది చేసే తప్పు ఒకటి ఉంది. కల్టివేషన్ సిద్ధాంతం టీవీలో హింస చూసినవారు హింసకు పాల్పడతారని చెబుతుందని రాస్తారు. అది అనుకరణకు సంబంధించిన వేరే పరిశోధనా ధార. గెర్బ్‌నర్ చెప్పింది దాదాపు దానికి ఎదురుగా ఉంటుంది: ఎక్కువగా చూసేవారు తమను బలి అయ్యేవారి స్థానంలో ఊహించుకుని, లోకాన్ని ప్రమాదకరమైనదిగా, మనుషులను నమ్మదగనివారిగా భావిస్తారు. ఈ ఒక్క పొరపాటుతో మిగతా జవాబంతా సందేహంలో పడుతుంది కాబట్టి దీన్ని ముందే సరిచేసుకోండి.

ఐదో అడుగు: రెండో జత, వాస్తవమే అసలు కారణమా?

నా దృష్టిలో ఈ జవాబుకు వెన్నెముక ఈ జతే. మొదటి జతలో కనిపించిన సంబంధాలు రెండింటికీ ఒకే సందేహం ఎదురవుతుంది. ప్రజలు యుద్ధాన్ని ముఖ్యమైన సమస్య అన్నారు, పత్రికలు కూడా యుద్ధం గురించే ఎక్కువగా రాశాయి. అయితే యుద్ధం నిజంగానే తీవ్రమైనందువల్ల పత్రికలూ ప్రజలూ విడివిడిగా దానికి స్పందించి ఉండవచ్చు కదా? అలాగే టీవీ ఎక్కువగా చూసేవారికి భయం ఎక్కువగా ఉందంటే, వారు నేరాలు ఎక్కువగా జరిగే పేటలో ఉంటూ, బయటికి వెళ్లడానికి భయపడి ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉండవచ్చు కదా? అప్పుడు టీవీ కారణం కాదు, నేరమే రెండింటికీ కారణం.

ఈ సందేహానికి ఎజెండా సెట్టింగ్ వైపు నుంచి సమాధానం ఇచ్చేది ఫంక్‌హౌజర్ 1973లో ప్రచురించిన అధ్యయనం. ఆయన 1960 దశకంలో అమెరికా వార్తా వారపత్రికలు వివిధ సమస్యలకు ఇచ్చిన చోటును, ప్రజలు అతి ముఖ్యమైన సమస్యగా చెప్పినవాటిని, ఆ సమస్యల వాస్తవ తీవ్రతను సూచించే గణాంకాలను పక్కపక్కన పెట్టి చూశారు. ప్రజల ప్రాధాన్యాలు వార్తల చోటుతో దగ్గరగా సరిపోలాయి గాని, వార్తల చోటు వాస్తవ గణాంకాల వెంట నడవలేదు. వియత్నాం యుద్ధంపై వార్తలు తారస్థాయికి చేరిన తరువాతే అక్కడి అమెరికా సైనికుల సంఖ్య తారస్థాయికి చేరింది. వాస్తవం ఒక దారిలో, వార్తలు మరో దారిలో వెళ్లినప్పుడు ప్రజలు వార్తల దారిలోనే నడిచారంటే, రెండింటికీ వాస్తవమే కారణమనే వాదన బలహీనపడుతుంది.

కల్టివేషన్ వైపు అదే సందేహాన్ని పరీక్షించినది ఆంథనీ డూబ్, గ్లెన్ మెక్‌డొనాల్డ్ టొరంటోలో చేసి 1979లో ప్రచురించిన అధ్యయనం. నేరాలు ఎక్కువగా, తక్కువగా జరిగే ప్రాంతాలను నగరంలోనూ శివార్లలోనూ ఎంచుకుని, అక్కడివారిని టీవీ చూసే అలవాటు గురించి, భయం గురించి అడిగారు. అందరినీ కలిపి చూస్తే టీవీకీ భయానికీ సంబంధం కనిపించింది. ప్రాంతంలోని నేరాల తీవ్రతను లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం మొత్తం మీద నిలవలేదు. అయితే నగరంలో నేరాలు ఎక్కువగా జరిగే ప్రాంతంలో మాత్రం అది మిగిలింది.

ఈ చివరి వాక్యాన్ని వదిలేయకండి. గెర్బ్‌నర్ బృందం 1980లో రెజొనెన్స్ అనే భావనను ముందుకు తెచ్చింది ఇలాంటి ఫలితాల ఆధారంగానే. టీవీలో చూసినది తన వీధిలో కూడా కనిపించే మనిషి మీద ఆ సందేశం రెట్టింపు బలంతో పనిచేస్తుందన్నది వారి వివరణ. దాన్ని చెప్పకపోతే మీరు ఒక పక్షానికి అన్యాయం చేసినట్టవుతుంది. చెప్పి, దాని పరిమితిని కూడా చూపిస్తే మీ అంచనా ఒక మెట్టు పైకి వెళుతుంది. అదే బృందం మెయిన్‌స్ట్రీమింగ్ అనే భావనను కూడా అప్పుడే ప్రతిపాదించింది. దాని ప్రకారం టీవీ ఎక్కువగా చూసేవారిలో వేర్వేరు వర్గాల మధ్య ఉండే తేడాలు కరిగి, అందరి అభిప్రాయాలూ ఒకే దగ్గరకు చేరతాయి. టీవీ ప్రభావం ఒక వర్గంలో ఎక్కువగా కనిపిస్తే రెజొనెన్స్ అని, వర్గాల మధ్య తేడాలు తగ్గితే మెయిన్‌స్ట్రీమింగ్ అని అంటే, ఎలాంటి ఫలితం వచ్చినా సిద్ధాంతానికి అనుకూలంగానే లెక్క తేలే ప్రమాదం ఉంది. ఏ వర్గంలో ఏది జరుగుతుందో ముందుగా చెప్పగలిగినప్పుడే ఆ భావనలకు బలం వస్తుంది.

ఆరో అడుగు: మూడో జత, ఏది ముందు వచ్చింది?

ఎజెండా సెట్టింగ్ వైపు శాంటో అయ్యంగార్, మార్క్ పీటర్స్, డొనాల్డ్ కిండర్ 1982లో ప్రచురించిన ప్రయోగాలను తీసుకోండి. వారు టీవీ వార్తల టేపులను ఎడిట్ చేసి, కొందరికి దేశ రక్షణ లోపాల మీద కథనాలు చేర్చిన వార్తలను, మరికొందరికి అవి లేని వార్తలను కొన్ని రోజులపాటు చూపించారు. చూడక ముందు, చూసిన తరువాత సమస్యల ప్రాధాన్యాన్ని అడిగారు. రక్షణ కథనాలు చూసినవారిలో ఆ సమస్యకు ఇచ్చే ప్రాధాన్యం పెరిగింది. ఎవరు ఏది చూడాలో పరిశోధకులే నిర్ణయించారు కాబట్టి, ముందునుంచీ రక్షణపై ఆసక్తి ఉన్నవారే ఆ వార్తలు చూశారనే ఆక్షేపణ ఇక్కడ నిలవదు. చాపెల్ హిల్ అధ్యయనం ఒకే సమయంలో చేసినది కావడంతో మీడియా ఓటర్లను నడిపిందా, ఓటర్లు మీడియాను నడిపారా అన్నది అది తేల్చలేకపోయింది. ఆ లోటును ఈ ప్రయోగం తీరుస్తుంది.

ఈ వరుసలో కల్టివేషన్ వైపు గడి దాదాపు ఖాళీగా ఉంటుంది, నేను ముందు చెప్పిన ఖాళీ ఇదే. పదిహేనేళ్లు టీవీ చూడటం వల్ల వచ్చే మార్పును వారం రోజుల ప్రయోగంలో పట్టుకోలేం. టీవీ అసలు తాకని మనుషుల గుంపు కూడా దొరకదు, ఎందుకంటే తక్కువగా చూసేవారు కూడా ఎక్కువగా చూసేవారి మధ్యనే బతుకుతారు. కాబట్టి ప్రయోగం లేకపోవడాన్ని నిర్లక్ష్యంగా చిత్రించకుండా, సిద్ధాంతపు స్వభావం నుంచే వచ్చిన పరిమితిగా రాయండి. ఆ తరువాత ఉన్న ఆధారాన్ని చెప్పండి. మైఖేల్ మోర్గన్, జేమ్స్ షానహన్ 1997లో అప్పటివరకు వచ్చిన కల్టివేషన్ అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు సగటు సహసంబంధం సుమారు 0.09గా తేలింది. సహసంబంధం అంటే రెండు విషయాలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె, సున్నా అయితే సంబంధం లేనట్టు, ఒకటి అయితే పూర్తిగా సరిపోలినట్టు. అంటే సంబంధం చిన్నదే గాని, ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినా చెరిగిపోలేదు. చోటు ఉంటే పాల్ హిర్ష్ 1980లో అదే తరహా సర్వే సమాచారాన్ని మళ్లీ విశ్లేషించి, వయసు, చదువు వంటివాటిని ఒకేసారి లెక్కలోకి తీసుకుంటే సంబంధం చాలావరకు తగ్గిపోతుందని చూపిన విషయాన్ని ఒక వాక్యంలో చేర్చవచ్చు. చోటు లేకపోతే వదిలేయండి.

ఏడో అడుగు: రెండు అంకెలను ఎదురెదురుగా పెట్టవద్దు

చాపెల్ హిల్ అధ్యయనంలో ప్రధాన వార్తలకు సంబంధించి వచ్చిన సహసంబంధం 0.967. కల్టివేషన్ సగటు 0.09. ఈ రెండూ గుర్తున్న విద్యార్థి సహజంగానే "మొదటి సిద్ధాంతం పది రెట్లు బలమైనది" అని రాస్తాడు. చూడటానికి పదునైన వాక్యంలా ఉన్నా, ఇది పెద్ద తప్పు.

మొదటి అంకె ఐదు సమస్యల మధ్య లెక్కించినది. 100 మంది జవాబులనూ కలిపేసి, ఏ సమస్యను ఎంత శాతం మంది చెప్పారో తీసి, దాన్ని ఆ సమస్యకు మీడియా ఇచ్చిన చోటుతో పోల్చారు. అలా కలిపినప్పుడు వ్యక్తుల మధ్య తేడాలన్నీ సర్దుకుపోయి సహసంబంధం సులభంగా పైకి వెళుతుంది. ఏ ఒక్క ఓటరు తలలోని ప్రాధాన్యాలూ మీడియా క్రమంతో అంతగా సరిపోలాయని దాని అర్థం కాదు. రెండో అంకె వ్యక్తి స్థాయిది. ఒక్కో మనిషి ఎంతసేపు టీవీ చూస్తాడు, ఏం నమ్ముతాడు అన్న రెండింటి మధ్య లెక్కించినది. అందులో ఆ మనిషి వయసు, చదువు, ఆ రోజు మనఃస్థితి, ప్రశ్న అర్థమైన తీరు అన్నీ కలిసి ఉంటాయి. కొలిచిన వస్తువే వేరైనప్పుడు అంకెలను పక్కపక్కన పెట్టి పెద్దదేదో తేల్చలేం. ఈ సంగతిని ఒక్క వాక్యంలో మీరే రాయగలిగితే, ఆధారాల బలాన్ని అంచనా వేయమన్న ఆదేశానికి అంతకంటే నేరుగా ఇచ్చే సమాధానం ఉండదు.

ఎనిమిదో అడుగు: నిర్ణయాన్ని పరిచయంలోనే చెప్పండి

ప్రణాళిక పూర్తయ్యేసరికి మీ నిర్ణయం ఏమిటో మీకు తెలిసిపోవాలి. పరిచయపు రెండో వాక్యంలో దాన్ని రాసేయండి. మన ఉదాహరణకు ఇలా ఉండవచ్చు: "ఎజెండా సెట్టింగ్ ప్రేక్షకులు దేని గురించి ఆలోచిస్తారన్న పరిమిత విషయాన్ని మాత్రమే వివరిస్తుంది, అయితే ఆ పరిమితి వల్లనే అది ప్రయోగాలకు లొంగి బలమైన ఆధారాలను కూడగట్టుకుంది, కల్టివేషన్ లోకం గురించిన నమ్మకాలనే వివరించబూనుతుంది, కాని ఆ విస్తృతి వల్లనే దాని కారణ సంబంధాన్ని నిరూపించడం కష్టమవుతోంది." ఈ వాక్యంలో తేడా ఉంది, అంచనా ఉంది, ఆ అంచనాకు కారణం కూడా ఉంది. "రెండింటికీ బలాలూ బలహీనతలూ ఉన్నాయి" అనే వాక్యంలో ఈ మూడింటిలో ఒక్కటి కూడా లేదు.

తొమ్మిదో అడుగు: పేరాను అల్లడం

రెండో జత పేరాను పూర్తిగా రాస్తే ఎలా ఉంటుందో చూడండి.

"మీడియా, ప్రేక్షకులు ఇద్దరూ వాస్తవానికే స్పందిస్తున్నారనే ఆక్షేపణను ఎజెండా సెట్టింగ్ మెరుగ్గా తట్టుకుంటుంది. 1960 దశకపు సమస్యలను పరిశీలించిన ఫంక్‌హౌజర్ (1973) ప్రజల ప్రాధాన్యాలు వార్తల చోటును అనుసరించాయని, ఆ చోటు మాత్రం వాస్తవ గణాంకాలను అనుసరించలేదని చూపారు. అదే పరీక్షలో కల్టివేషన్ తడబడుతుంది. డూబ్, మెక్‌డొనాల్డ్ (1979) టొరంటోలో ప్రాంతాల వారీ నేరాల తీవ్రతను లెక్కలోకి తీసుకున్నప్పుడు టీవీకీ భయానికీ ఉన్న సంబంధం మొత్తం మీద నిలవలేదు. నేరాలు ఎక్కువగా ఉన్న నగర ప్రాంతంలో మాత్రం అది మిగిలింది. గెర్బ్‌నర్ బృందం దీన్ని రెజొనెన్స్‌గా వివరించింది. అయితే ఆ వివరణ ఫలితం వచ్చిన తరువాత ఇచ్చినది. కాబట్టి టీవీ ప్రభావం అనుభవంతో కలిసినప్పుడే పనిచేస్తుందన్నంత వరకే ఈ ఆధారం కల్టివేషన్‌ను సమర్థిస్తుంది."

మొదటి వాక్యంలోనే రెండు సిద్ధాంతాలకూ ఉమ్మడిగా ఎదురయ్యే ఆక్షేపణ, దాని మీద మీ నిర్ణయం ఉన్నాయి. అధ్యయనాలు ఆ తరువాతే వచ్చాయి. "అదే పరీక్షలో" అనే మాట రెండో అధ్యయనాన్ని మొదటిదాని ఎదురుగా నిలబెట్టింది. చివరి వాక్యం గెలుపు ఓటములు ప్రకటించకుండా, ఆధారం ఎంతవరకు వెళుతుందో గీత గీసింది. మీ పేరాలో "మరోవైపు", "ఇక కల్టివేషన్ విషయానికి వస్తే" అన్న మాటలు తప్ప రెండు సగాలనూ కలిపే దారం ఏదీ లేకపోతే, పోలిక ఇంకా జరగలేదని అర్థం.

పదో అడుగు: సమయం జారిపోతే

రెండో పోలిక పేరా ముగిసే సరికి గడియారంలో 27 నిమిషాలు దాటకూడదు. అంటే 7 నిమిషాల ప్రణాళిక, 4 నిమిషాల పరిచయం, రెండు 8 నిమిషాల పేరాలు. 32 నిమిషాలు అయిపోయాయంటే మూడో జతను పూర్తి పేరాగా రాయకుండా, అయ్యంగార్ బృందపు ప్రయోగాన్ని, కల్టివేషన్‌కు అలాంటి ప్రయోగం ఎందుకు సాధ్యం కాదన్న కారణాన్ని రెండు వాక్యాల్లో తుది అంచనాలో కలిపేయండి. మొదటి జతను కుదించవచ్చు, మూడో జతను మడిచి పెట్టవచ్చు, కాని రెండో జతను, తుది అంచనాను వదలకూడదు. తుది అంచనా లేని జవాబు ప్రశ్నలోని రెండో పనిని అసంపూర్తిగా వదిలేసినట్టవుతుంది.

తుది అంచనాలో పరిచయంలోని వాక్యాన్ని మాటలు మార్చి మళ్లీ రాయవద్దు. మూడు పేరాల తరువాత ఆ నిర్ణయానికి ఏ షరతు చేరిందో చెప్పండి. ఉదాహరణకు, ఎజెండా సెట్టింగ్ ఆధారాలు బలమైనవే అయినా అవి వార్తలకూ స్వల్పకాలానికీ సంబంధించినవని, ఏళ్ల తరబడి సాగే ప్రభావం అసలు లేదని అవి నిరూపించవని, అందువల్ల కల్టివేషన్ ఆధారాలు బలహీనంగా ఉండటం ఆ ప్రభావం లేదనడానికి సాక్ష్యం కాదని రాయవచ్చు.

చివరి 5 నిమిషాలు

ముందుగా పేర్లు, సంవత్సరాలు చూడండి. చాపెల్ హిల్ సర్వే జరిగింది 1968లో, ప్రచురితమైంది 1972లో. ఈ రెండు తేదీలు తారుమారు కావడం చాలా తరచుగా జరుగుతుంది. పత్రికలు ప్రజలకు ఏమి ఆలోచించాలో చెప్పడంలో అంతగా సఫలం కాకపోవచ్చు గాని, దేని గురించి ఆలోచించాలో చెప్పడంలో ఎంతో సఫలమవుతాయన్న భావం 1963లో బెర్నార్డ్ కోహెన్ రాసినది. దాన్ని మెక్‌కోంబ్స్, షాలకు ఆపాదించి ఉంటే కొట్టివేసి సరిచేయండి.

తరువాత "నిరూపించింది" అనే క్రియాపదం ఎక్కడెక్కడ రాశారో వెతకండి. సర్వే పక్కన ఆ మాట ఉంటే "సంబంధం కనిపించింది" అని, ప్రయోగం పక్కన ఉంటే "కారణమని చూపింది" అని మార్చండి. ఈ దిద్దుబాటుకు నిమిషం కూడా పట్టదు. చివరిగా ప్రతి పోలిక పేరాలోనూ రెండు సిద్ధాంతాల పేర్లూ ఉన్నాయా అని చూడండి. ఒక్కటే కనిపించిన పేరాలో, మార్జిన్‌లో గుర్తు పెట్టి, రెండో సిద్ధాంతం అదే ప్రశ్నకు ఏమంటుందో ఒక వాక్యం చేర్చండి.